క్యాన్సిల్ చేసిన టూర్ డబ్బులు, ఆ ఫార్వర్డ్ మెసేజీ

"టూర్ క్యాన్సిల్ చేస్తే డబ్బులు మర్చిపోండి. టర్మ్స్‌కి టిక్ కొట్టాక వాడు ఎంత కోస్తే అంతే. మెయిళ్ళు వేస్ట్, ఫోన్లో గట్టిగా అరిస్తేనే పని. లేదంటే లాయర్‌ని పెట్టుకోవాలి, ఫీజుకే సరిపోద్ది."

మా గోదావరి జిల్లాల గ్రూపులన్నిట్లో ఇదే తిరుగుతోందండి, చదివి ఊరుకుందాం అనుకున్నా గానీ పాలకొల్లులో మా బాబాయి గారు ఇది నమ్మేసి 6,600 వదిలేయబోయారు.

ముందు టిక్ సంగతి. టిక్ కొడితే మీరొక్కరే కాదు, కంపెనీ వాడూ ఆ టర్మ్స్‌కి కట్టుబడ్డట్టే కదా, అందులో రాసినదానికన్నా ఎక్కువ కొయ్యడానికి వాడికీ హక్కులేదు. బాబాయి గారిది ఆరుగురికి రెండు రోజుల పాపికొండల ప్యాకేజీ, మొత్తం 24,000, ప్రయాణం డిసెంబర్ 21న. ఇంట్లో పెద్దావిడకి ఒంట్లో బాగోక 13వ తేదీ శనివారం రాత్రి క్యాన్సిల్ చెయ్యమని మెయిల్ పెట్టారు. టర్మ్స్‌లో ఏముందంటే 8 నుంచి 15 రోజుల ముందు చెప్తే 25 శాతం కోత, 7 రోజుల్లోపైతే 50 శాతం. 13కీ 21కీ మధ్య 8 రోజులు, అంటే కోత 6,000, వెనక్కి 18,000 రావాలి. వచ్చింది 11,400.

ఎక్కడ తేడా కొట్టిందో చూస్తే, వాళ్ళు ఆఫీసు తెరిచి మెయిల్ చూసుకున్న సోమవారం 15 నుంచి లెక్కేశారు, అప్పటికి ఆరు రోజులే కాబట్టి 12,000 కోసి, పైన ప్రాసెసింగ్ ఫీజని ఇంకో 600 లాగారు. టర్మ్స్‌లో మాత్రం "రాతపూర్వక సమాచారం అందిన తేదీ" అనే ఉంది, శనివారం రాత్రే రిక్వెస్ట్ నంబర్‌తో ఆటో రిప్లై కూడా వచ్చింది, ఇంక అందలేదని ఎలా అంటారండీ? ప్రాసెసింగ్ ఫీజు అనే మాటైతే టర్మ్స్‌లో ఎక్కడా లేదు. ఇలాంటివి మీ విషయంలోనూ పట్టుకోవాలంటే బుకింగ్ కన్ఫర్మేషన్‌తో వచ్చిన టర్మ్స్ పీడీఎఫ్ దాచుకోండి, సైట్లో ఉన్నవి ఎప్పుడు మార్చేస్తారో తెలీదు.

టర్మ్స్‌లో ఉన్నా సరే అంతా చెల్లుతుందనీ లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందంలో ఎంత రాసుకున్నా అది గరిష్ఠ పరిమితి మాత్రమే, ఆ లోపు సబబైన నష్టపరిహారమే దక్కుతుంది. అలాగని ముందురోజు రాత్రి క్యాన్సిల్ చేసి మొత్తం ఇమ్మంటే కుదరదు లెండి, రూమూ బోటు సీటూ వాడు వేరేవాళ్ళకి అమ్ముకోలేడు. వరదొచ్చి అధికారులు బోట్లు ఆపేస్తే మాత్రం అది మీరు చేసిన క్యాన్సిల్ కాదు, ఈ శాతాల లెక్క అక్కడ పెట్టకూడదు, దానికి టర్మ్స్‌లో వేరే క్లాజు ఉంటుంది, అది తీసి చూడండి.

ఇంక అరుపులు. ఫోన్లో ఎంత అరిచినా రేపు చూపించడానికేం మిగలదు, ఆ ఎత్తిన కుర్రాడికి రిఫండ్ ఇచ్చే పవరూ ఉండదు. మేం పెట్టిన మెయిల్ ఇంతే:

"బుకింగ్ మొత్తం 24,000. రద్దు కోరిన తేదీ డిసెంబర్ 13, మీ ఆటో రిప్లై జతచేశాం. మీ క్యాన్సిలేషన్ టర్మ్స్ ప్రకారం కోత 25 శాతం, 6,000. మీరు కోసింది 12,600. ఇందులో 600కి ఆధారం చూపించండి. ఎక్కువ కోసిన మొత్తం 6,600 పదిహేను రోజుల్లో అదే ఖాతాకి పంపగలరు. లేదంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం."

తిట్లు లేవు, పెద్దావిడ జబ్బు కథ లేదు, అంకెలే. ఆన్‌లైన్ బుకింగ్ అయితే దీన్ని ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పెట్టాలి, 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆయన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

లాయర్ ఖర్చంటారా, ముందు 1915కి ఫోన్ చెయ్యండి, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, ఉచితం. వాళ్ళు కంపెనీకి పంపి అడుగుతారు గానీ ఆర్డర్ వెయ్యలేరు. ఆర్డర్ కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషనే, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, కంపెనీ ఆఫీసున్న ఊరికి వెళ్ళక్కర్లేదు. గడువు రెండేళ్ళు.

బాబాయి గారికి మెయిల్ పెట్టిన రెండో వారంలో 6,000 వచ్చింది. 600 మాత్రం గేట్‌వే ఛార్జీ అని కొత్త పేరు పెట్టి ఆపారు, దానిమీద ఇప్పుడు 1915లో డాకెట్ నంబర్ ఉందండి.