ఎస్టిమేట్ కాగితం ఏదీ?

డిశ్చార్జి రాశానని డాక్టరు పొద్దున పదింటికి చెబుతారు. ఫైలు బిల్లింగ్ కౌంటరు దాటేసరికి సాయంత్రమవుతుంది. ఈలోగా పేషెంటు బట్టలు మార్చుకుని మంచం మీద కూర్చుని ఉంటాడు, ఊరి నుంచి కారు వచ్చి కింద ఆగి ఉంటుంది. అప్పుడు చేతికొచ్చిన బిల్లులో తప్పులు వెతికే ఓపిక ఎవరికుంటుంది? ఎవరికో ఫోన్ చేసి అప్పు పుట్టించి, కట్టేసి బయటపడతారు.

ఇన్సూరెన్స్ లేని, ఆరోగ్యశ్రీ వర్తించని కుటుంబం ఖర్చు, బిల్లు సంగతులన్నీ ఆసుపత్రిలో చేరడానికి ముందే మాట్లాడుకోవాలి. యాక్సిడెంటులోనో గుండెపోటులోనో అది కుదరదు. గాల్‌బ్లాడర్ రాళ్లు, హెర్నియా, మోకీలు మార్పిడి లాంటివాటికి మాత్రం సాధారణంగా టైముంటుంది.

గాల్‌బ్లాడర్ సంగతే చూద్దాం. ఇంకేదో కారణంతో స్కానింగ్ తీయిస్తే రాళ్లు బయటపడ్డాయి, నొప్పి ఏనాడూ లేదు. అలాంటివారిలో చాలామందికి ఆపరేషనే అక్కర్లేదు. కాబట్టి ‘ఎంతవుతుంది’ కన్నా ముందు ‘ఇప్పుడు చేయించకపోతే ఏమవుతుంది’ అని అడగాలి. రెండో డాక్టరును కూడా అడిగితే తప్పేమీ లేదు.

ఆపరేషన్ తప్పదన్నారనుకుందాం. ‘అరవై, డెబ్బై వేలవుతుందండీ’ అని కౌంటర్లో నోటిమాటగా చెబుతారు. అది ఎస్టిమేట్ కాదు. ఏ రూమ్, ఎన్ని రోజులు, ప్యాకేజీలో మత్తు డాక్టరు ఫీజు, మందులు, బయాప్సీ కలిసి ఉన్నాయా లేదా, ఏవి విడిగా పడతాయి అన్నవి కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వాలి.

ఇందులో చాలామంది పట్టించుకోనిది రూమ్. రూమ్ మారితే అద్దె ఒక్కటే పెరుగుతుందనుకుంటాం. చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో రూమ్ స్థాయిని బట్టి సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ, టెస్టుల రేటు కూడా పెరుగుతాయి. ఒక లెక్క వేసి చూద్దాం. జనరల్ వార్డు ప్యాకేజీ 60 వేలు, సింగిల్ రూమ్ 95 వేలు అనుకోండి. అద్దె తేడా రోజుకు 3 వేలు, ఉండేది రెండు రోజులు. అంటే అద్దె వల్ల పెరిగింది 6 వేలే. మిగతా 29 వేలు అదే సర్జన్, అదే థియేటర్, అదే ఆపరేషన్‌కు కట్టాం. రెండు రాత్రులు ఫ్యాను కింద పడుకోగలిగితే ఆ డబ్బు మిగిలేది. అదే సర్జన్ చిన్న నర్సింగ్ హోమ్‌లోనూ ఆపరేషన్లు చేస్తుంటే అక్కడి ఎస్టిమేట్ కూడా తెచ్చుకోవచ్చు. అయితే పేషెంటుకు గుండెజబ్బో ఊపిరితిత్తుల సమస్యో ఉంటే ఐసీయూ లేనిచోట పొదుపు చూడకూడదు.

ఇక బిల్లు. ‘ఫార్మసీ: 18,400’ అని ఒక్క లైను కనిపిస్తే వివరంగా ప్రింట్ తీసి ఇమ్మనాలి. వార్డుకు తెప్పించిన మందుల్లో వాడనివి ఫార్మసీకి వెనక్కి వెళ్లాలి, ఆ డబ్బు బిల్లులో తగ్గాలి. తప్పు ఎక్కువగా జరిగేది అక్కడే. రెండు రోజులున్న పేషెంటుకు నాలుగు క్యాన్యులాలు, పది జతల గ్లవ్స్ కనిపిస్తే కేస్ షీటు పక్కన పెట్టి అడగాలి. రోజూ సాయంత్రం అప్పటిదాకా అయిన బిల్లు తీసుకుంటే చివరిరోజు ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

‘ఎమ్మార్పీకే ఇచ్చాం’ అనే జవాబుతో మేము తృప్తిపడలేం. ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు పెద్ద ఆసుపత్రుల బిల్లులను జాతీయ ఔషధ ధరల సంస్థ 2018లో పరిశీలిస్తే, కొన్ని వస్తువులపై లాభం 1,737 శాతం దాకా తేలింది. అవి అమ్మింది ఎమ్మార్పీకే. ఆ ఎమ్మార్పీయే ఆసుపత్రికి వీలుగా పెంచి ముద్రించింది. గుండె స్టెంట్లకు 2017లో గరిష్ఠ ధర పెట్టినప్పుడు, స్టెంట్ ధర, కంపెనీ, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా చూపాలని కూడా చెప్పారు. గ్లవ్స్, సిరంజీలకు అలాంటి కట్టడి లేదు.

వివరమైన బిల్లు పొందడం, మందులు, టెస్టులు నచ్చినచోట తీసుకోవడం రోగి హక్కులని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన చార్టర్‌లోనే ఉంది. సొంత ఫార్మసీలోనే కొనమని ఆసుపత్రులు పెట్టే ఒత్తిడిపై దాఖలైన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2025 మార్చిలో నిర్ణయాన్ని రాష్ట్రాలకే వదిలింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రుల కోసం 2002 నుంచే చట్టం ఉంది. ఇక సాకులు చెప్పడానికి ఏముంది?

రెండు తెలుగు ప్రభుత్వాలనూ మేము అడిగేది చిన్నదే. ముందే తేదీ ఖాయమైన ప్రతి ఆపరేషన్‌కూ సంతకంతో ఎస్టిమేట్ ఇవ్వాలి, దాని కాపీ కేస్ షీటులో ఉండాలి. బిల్లు ఆ అంకె దాటుతుందనుకున్న రోజునే కారణం రాసి ఇంట్లోవాళ్లకు చూపించాలి. జిల్లా వైద్యాధికారి తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో పాటు పది కేస్ షీట్లు తీయించి ఆ కాగితం ఉందో లేదో చూడాలి.