#5 మాన్యువల్‌ది, కోత నా మార్కులకు

ఇప్పుడే వెరిలాగ్ ల్యాబ్ నుంచి బయటపడి హన్మకొండ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డా. చల్లారాక రాస్తే ఇంత బాగా రాయలేను.

ఈరోజు పని 1011 సీక్వెన్స్ డిటెక్టర్, అంటే వచ్చే బిట్లలో 1011 కనిపించినప్పుడల్లా అవుట్‌పుట్ లేపే సర్క్యూట్. మూర్ మెషిన్, S0 నుంచి S4 దాకా అయిదు స్టేట్లు, ఓవర్‌ల్యాప్ ఉండాలి. అంటే 1011011 ఇస్తే అవుట్‌పుట్ రెండుసార్లు లేవాలి. నాలుగో బిట్ 1 ఉంది చూడండి, అది మొదటిదానికి తోక, రెండోదానికి తల. అందుకే 1011 పూర్తయిన S4లో 0 వస్తే మొదటి S0కి కాదు, 10 దాకా దొరికిన S2కి పోవాలి. నేను అట్లాగే రాశాను, దానికి బిట్లు పంపి పరీక్షించే టెస్ట్‌బెంచ్ మాత్రం ల్యాబ్ మాన్యువల్‌లోదే. రాత్రి నా ల్యాప్‌టాప్‌లో సిమ్యులేషన్ టైమ్ 35 దగ్గర ఒకటి, 65 దగ్గర ఒకటి, రెండు పల్సులూ వచ్చాయి. అదే ఫైలు ల్యాబ్ కంప్యూటర్‌లో రన్ చేస్తే ఒక్కటే! సార్ స్క్రీన్ వైపు సరిగ్గా వంగనైనా వంగలేదు. "ఓవర్‌ల్యాప్ మర్చిపోయినవ్ బిడ్డా, డిజైన్ తప్పు" అని పదికి నాలుగేశారు.

డిజైన్ తప్పయితే మొదటి పల్సు 35 దగ్గరే ఉండాలి కదా సార్, అది 45కి ఎందుకు జరిగింది? అడిగితే "మాన్యువల్ చూస్కో పో" అన్నారు. చూశాను. దొంగ అందులోనే ఉన్నాడు.

```verilog
always #5 clk = ~clk;
// initial లోపల
rst = 1; din = 0;
#5 rst = 0; din = 1;
#10 din = 0;
```

క్లాక్ 0తో మొదలవుతుంది కాబట్టి 5, 15, 25 దగ్గర లేస్తుంది. initial లోపల అయిదు యూనిట్లు ఆగమనే ఆ `#5` పుణ్యాన ఇన్‌పుట్ `din` కూడా సరిగ్గా అప్పుడే మారుతుంది. ఆ క్షణంలో ఫ్లాప్‌కి పాత `din` కనిపిస్తుందా, కొత్తదా? ఏది ముందు నడవాలో వెరిలాగ్ చెప్పదు, అది సిమ్యులేటర్ ఇష్టం. నా దాంట్లో కొత్తది కనిపించింది. ల్యాబ్‌లో పాతది కనిపించి అంతా ఒక క్లాక్ వెనక్కి పోయింది. ఏడో బిట్ 75 దగ్గర అందాలి, కానీ సిమ్యులేషన్ ఆపేసే మాన్యువల్ `$finish` కూడా 75కే. రెండో పల్సు పుట్టకముందే దుకాణం బంద్. కాజీపేటలో సిగ్నల్ పడక బండి ఆగితే డ్రైవర్‌ని సస్పెండ్ చేసినట్టుంది వ్యవహారం.

బిట్లన్నీ `@(negedge clk) din = 1;` పద్ధతిలో క్లాక్ దిగేటప్పుడు మార్చి, చివర్న రెండు క్లాకులు ఆగి `$finish` పెట్టాను. రెండు మెషిన్లలోనూ 45, 75. చూపిద్దామంటే సార్ టీకి వెళ్లారు.

అయినా ఈ సార్లకి వేవ్‌ఫామ్ ఎప్పుడు కావాలి? పోయిన సెమిస్టర్‌లో రికార్డులో మార్జిన్ పెన్నుతో గీశానని మొత్తం మళ్లీ రాయించారు. అరవై పేజీలు! లోపల కౌంటర్ 9 తర్వాత 10కి పోతోంది, 9 తర్వాత 0కి రావాల్సిన డెకేడ్ కౌంటర్ అది. దాని మీద సంతకం మాత్రం పడింది. మార్జిన్ పెన్సిల్‌తో ఉంది కదా మరి.

వచ్చే వారం ట్రాఫిక్ లైట్ కంట్రోలర్ అట. బస్సు ఎట్లాగూ రావట్లేదని మాన్యువల్ తిప్పి చూశా. రెండో పేజీలో మళ్లీ అదే `#5`. చుట్టూ సున్నా చుట్టాను, పెన్సిల్‌తోనే.