ఙ అక్షరంతో ఆడపిల్లకు పేరు

నక్షత్రం చూసి పేరు పెట్టడం తేలికైన పని అని, ఆ పని ఎప్పుడూ నెత్తిన పడనివాళ్లు అంటుంటారు. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108. పాదానికో అక్షరం పంచాంగంలో అచ్చేసి ఉంటుంది. రోహిణి రెండో పాదమైతే వా వస్తుంది, వాణి అని పెట్టేసి బారసాల భోజనాలకు కూర్చోవచ్చు. అనూరాధ అయితే నా, నీ, నూ, నే. మఖ అయితే మా, మీ, మూ, మే. ఈ పిల్లలు పుట్టుకతోనే అదృష్టవంతులు. వాళ్ల గురించి రాయడానికేమీ లేదు.

ఇది ఆర్ద్రలో పుట్టినవాళ్ల సంగతి. ఆర్ద్రకు పడిన అక్షరాలు కూ, ఘ, ఙ, ఛ. మూడోదాన్ని ఇంకోసారి చూడండి. చిన్నప్పుడు పలక మీద అందరం దిద్దినదే. ఆ తరవాత దానితో ఎవరికీ పనిపడలేదు. దానితో మొదలయ్యే మాట తెలుగులో లేదు, సంస్కృతంలోనూ చెప్పుకోదగ్గది లేదు. అయినా ప్రతి నెలా చంద్రుడు ఆర్ద్ర మూడో పాదంలోకి వస్తాడు, సుమారు ఆరు గంటలు అక్కడే ఉంటాడు, ఆ ఆరు గంటల్లోనూ పిల్లలు పుడుతూనే ఉంటారు.

ఇది పెద్దల పొరపాటని కొందరు అనుకుంటారు. కాదు, అంతా లెక్కే. ఈ అక్షరాల పట్టికను అవకహడ చక్రం అంటారు. అ, వ, క, హ, డ అనే అయిదూ మొదటి వరుస కాబట్టి ఆ పేరు. ఒక్కో అక్షరానికి అ, ఇ, ఉ, ఏ, ఓ అని అయిదు గుణింతాలు వేస్తే వరుసకు 25 వస్తాయి. కృత్తిక నుంచి ఆశ్లేష దాకా ఉన్న ఏడు నక్షత్రాలకు కావలసినవి 28. మూడు తక్కువ. ఆ లోటు ఎక్కడో ఒకచోట పూడ్చాలి కదా, వరుసలో చోటు దొరకని ఘ, ఙ, ఛ లను తెచ్చి ఆర్ద్రలో కూర్చోబెట్టారు. ఇలాంటి వరుసలు నాలుగున్నాయి కాబట్టి ఇలాంటి బాధితులూ నాలుగు నక్షత్రాల్లో ఉన్నారు: ఆర్ద్ర, హస్త, పూర్వాషాఢ, ఉత్తరాభాద్ర. హస్తవారికి ణ, ఉత్తరాభాద్రవారికి ఝ. అందుకే ఈ నక్షత్రాలవాళ్లు బారసాలలో ఒకరినొకరు చూసుకుని మౌనంగా తల ఊపుకుంటారు.

ఇక ఒక పిల్ల సంగతి చూద్దాం. పంచాంగం ప్రకారం ఆ రోజు ఉదయం 9:20కి మృగశిర వెళ్లి ఆర్ద్ర వచ్చింది. మర్నాడు ఉదయం 10:56 దాకా ఆర్ద్రే. పిల్ల ఆ రాత్రి పుట్టింది. ఇక్కడ బాబాయి ముందుకొస్తాడు. రోజుకు 24 గంటలు, నక్షత్రానికి నాలుగు పాదాలు, పాదానికి ఆరు గంటలు, ఇంతేగా అంటాడు. ఇంతే కాదు. చంద్రుడు ఒక్కోరోజు ఒక్కో వేగంతో నడుస్తాడు. ఒక నక్షత్రాన్ని దాటడానికి 21 గంటలు పట్టవచ్చు, 27 కూడా పట్టవచ్చు. కాబట్టి ముందు ఆ నక్షత్రం మొత్తం ఎంతసేపుందో తేల్చుకోవాలి. ఇక్కడ 25 గంటల 36 నిమిషాలు. నాలుగో వంతు 6 గంటల 24 నిమిషాలు. మొదటి పాదం మధ్యాహ్నం 3:44కి ముగిసింది, రెండోది రాత్రి 10:08కి, మూడోది తెల్లవారుజామున 4:32కి. బాబాయి లెక్కలో మూడో పాదం రాత్రి 9:20కే మొదలైపోయింది. నలభై ఎనిమిది నిమిషాల తేడాలో ఒక పిల్ల జన్మాక్షరమే మారిపోతుంది.

ఈ పిల్ల ఎప్పుడు పుట్టిందంటే, అమ్మమ్మ చెప్పినట్టు 10:05కి. ఆసుపత్రి కాగితం ప్రకారం 10:12కి. మధ్యలో 10:08 ఉంది.

దీంతో ఇల్లు రెండు శాస్త్ర పీఠాలుగా చీలుతుంది. ఆసుపత్రి గడియారం ముందుందా, వెనకుందా? నర్సు సమయం రాసింది పిల్ల బయటికొచ్చినప్పుడా, తూకం వేశాకనా? అసలు పుట్టడమంటే తల కనిపించిన క్షణమా, మొదటి ఏడుపా, బొడ్డు కోసిన క్షణమా? సిద్ధాంతులు తరతరాలుగా వాదించుకున్న ఈ ప్రశ్నను మేనత్త వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్‌తో తేల్చేస్తుంది. ఎవరూ గమనించని విషయం ఒకటుంది. 10:05 గెలిస్తే ఘ, 10:12 గెలిస్తే ఙ. ఇంత యుద్ధమూ ఆ రెండింటిలో ఏది దక్కాలన్నదాని కోసమే.

ఇంకో గొయ్యి కూడా ఉంది, చాలామంది పడేది ఇందులోనే. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, అర్ధరాత్రితో కాదు. 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు పుట్టిన పిల్లకు 14వ తేదీ వరుసలో చూడాలి. అక్కడ ‘తె.’ అని ఉన్న సమయం తెల్లవారుజాముదే. తొందరలో 15వ తేదీ వరుస చూసి, నక్షత్రం పేరు పక్కనున్న సమయం గమనించకుండా ఆ నక్షత్రమే పట్టుకొచ్చేవాళ్లున్నారు. ఆ పిల్లలు పక్క నక్షత్రం పేరుతో హాయిగా పెరిగి పెద్దవాళ్లవుతున్నారు, గ్రహాలేమీ అభ్యంతరం చెప్పినట్టు లేదు. విదేశంలో పుడితే అక్కడి సమయాన్ని మన సమయంలోకి మార్చుకుని చూస్తే చాలు. నక్షత్రం మారే క్షణం భూమి అంతటికీ ఒకటే. ఇక దృగ్గణిత పంచాంగం ఒకటి, పాత పద్ధతి పంచాంగం ఇంకొకటి ఇంట్లో ఉంటే సమయాలే కలవవు. బుద్ధిమంతులు అందుకే ఇంట్లో ఒకటే ఉంచుకుంటారు.

సరే, పేర్లకొద్దాం. ఘ పీఠంవారు ముందు జాబితా తెస్తారు. మగపిల్లాడైతే ఘనశ్యాం ఉండనే ఉంది. ఘటోత్కచుడి గురించి ఎవరో నవ్వుతూ అంటారు, ఎవరూ నవ్వరు. ఆడపిల్లకు ఘృతాచి, ఘోష. ఘృతాచి అప్సరస, పేరులో నెయ్యి ఉంది. పిల్ల కాస్త బొద్దుగా ఉంటే బడిలో ఏమవుతుందో ఊహించిన తల్లి వద్దంటుంది. ఘోష ఋగ్వేదంలో సూక్తాలున్న ఋషిక, అంతకన్నా గౌరవనీయమైన పేరు దొరకదు. అయితే “మా ఘోష ఎవరు వింటారు” అనే మాట తెలుగులో ఉన్నంతకాలం ఆ పేరుకు మోక్షం లేదు. తాతగారు ఘంటసాల అంటారు. అది ఇంటిపేరని నచ్చజెప్పడానికి ఒక పూట పడుతుంది.

ఙ పీఠంవారి జాబితా ఖాళీ. కానీ శాస్త్రం వాళ్లను నడిరోడ్డు మీద వదలలేదు. ఙ, ఞ, ణ పేరు మొదట రావు కాబట్టి వాటికి బదులు వరుసగా గ, జ, డ తీసుకొమ్మని పాతకాలం నుంచీ ఒక సర్దుబాటుంది. అంటే గాయత్రి, గీత, గౌతమి. ఒక్క దెబ్బకు తలుపులు తెరుచుకున్నాయి. ఆశ్చర్యమేమిటంటే, ఘ పీఠంవారు ఈ సంగతి వినగానే పాప 10:12కే పుట్టిందని ఒప్పేసుకుంటారు. అమ్మమ్మకు కూడా గడియారం కాస్త వెనకుందేమో అనిపించడం మొదలవుతుంది.

ఒకసారి సర్దుబాటు రుచి తెలిశాక కుటుంబం అక్కడ ఆగదు. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా లేదని సిద్ధాంతిగారు అన్నారు, శ, ష, స ఒకటేనన్నారు, బ, వ ఒకటేనన్నారు. ఇవన్నీ వాడుకలో ఉన్న మినహాయింపులే. తరవాతి మెట్టు: పాదం కుదరకపోతే నక్షత్రంలో ఏ పాదమైనా పరవాలేదు, కూ ఉందిగా, కుముద, కుందన. దాని తరవాతి మెట్టు: నక్షత్రం కుదరకపోతే రాశి. ఆర్ద్ర మిథునరాశి. మృగశిర చివరి రెండు పాదాల కా, కీ, పునర్వసు మొదటి మూడు పాదాల కే, కో, హా అన్నీ మిథునానివే. ఇప్పుడు కావ్య వచ్చింది, కీర్తన వచ్చింది, హాసిని వచ్చింది.

హాసిని దగ్గర తల్లి ఎందుకు అంత గట్టిగా నిలబడిందో జాగ్రత్తగా చూడండి. ఆ పేరు ఆవిడ ఫోన్‌లో అయిదో నెల నుంచీ ఉంది. ఈ నిజాన్ని గమనించకుండా నామకరణాన్ని అర్థం చేసుకోవాలనుకోవడం అమాయకత్వం. మనం అక్షరం నుంచి పేరుకు వెళ్తామని చెప్పుకుంటాం. నిజంలో పేరు నుంచి అక్షరానికి వెనక్కి నడుస్తాం. పాదం, నక్షత్రం, రాశి అనే మెట్లలో మన పేరు ఏ మెట్టు మీద దొరుకుతుందో అక్కడ ఆగి, ఇదే శాస్త్రసమ్మతం అంటాం. రాశిలో కూడా దొరకకపోతే ఆఖరి ఉపాయం ఉండనే ఉంది. జన్మనామం ఒకటి, వ్యవహారనామం ఒకటి. బియ్యంలో ఉంగరంతో రాసేది నక్షత్రం పేరు, బడిలో రాయించేది ఇష్టమైన పేరు. ఇది మాత్రం దొంగదారి కాదు, పాత ఆచారమే. మొదటిరోజే దీన్ని పట్టుకున్నవాళ్లు పదకొండో రోజుకు హాయిగా నిద్రపోతారు.

మిగతావాళ్లను చట్టం ఆదుకుంటుంది. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ, పేరు గడి ఖాళీగా వదిలేయవచ్చు. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు, ఆ తరవాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా చేర్పించుకోవచ్చు. పదిహేనేళ్లు! ఆర్ద్రవాళ్లెవరో ఆ నిబంధన రాసే గదిలో కూర్చుని ఉంటారని మా అనుమానం.

పేరు హాసిని అని తేలాక ఒక చిక్కు మిగులుతుంది, దాన్ని ఎవరూ ఆలోచించరు. జాతకం కాగితం పోయి, పుట్టిన సమయం తెలియనప్పుడు, పెళ్లిపొంతనకు పేరులోని మొదటి అక్షరాన్ని బట్టే నక్షత్రం తీస్తారు. దాన్ని నామనక్షత్రం అంటారు. హా అంటే పునర్వసు మూడో పాదం. అమ్మమ్మ, ఆసుపత్రి, బాబాయి కలిసి నిమిషాల్లో కొట్టుకుని తేల్చిన ఆర్ద్ర అప్పటికి ఎక్కడా ఉండదు. కాబట్టి పుట్టిన సమయం, ఊరు, చూసిన పంచాంగం ఏ పద్ధతిదో ఒక కాగితం మీద రాసి, పిల్ల జనన ధ్రువపత్రంతో పాటు పెట్టండి. ఇంత రభసలో పనికొచ్చే వస్తువు అదొక్కటే.

బారసాల అయిపోయింది. పేరు ఉయ్యాల మీద వెలిగిపోతోంది. మర్నాడు పొద్దున అమ్మమ్మ పిల్లను ఒళ్లోకి తీసుకుని “బుజ్జీ” అంది. బాబాయి బుజ్జి అన్నాడు, మేనత్త బుజ్జి అంది, పాలు పోసే అబ్బాయి కూడా బుజ్జి ఎలా ఉందని అడిగాడు. హ్రస్వదీర్ఘాలకు తేడా లేదు కాబట్టి బు అంటే బూ, బూ అంటే పూర్వాషాఢ మొదటి పాదం. ధనూరాశి. మిథునానికి సరిగ్గా ఎదురు.