ముందుగా రోజు మొత్తం ప్రొటీన్ చూడండి

“వర్కౌట్ అయ్యాక అరగంటలో ప్రొటీన్ తీసుకోకపోతే బరువు తగ్గే డైట్‌లో కండ కరిగిపోతుంది” అన్న మాటతో నేను ఏకీభవించను. 2013లో షోన్‌ఫెల్డ్, అరగాన్, క్రీగర్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలను కలిపి చూస్తే, రోజు మొత్తం ప్రొటీన్‌ను లెక్కలోకి తీసుకున్నాక టైమింగ్ వల్ల కనిపించిన లాభం మాయమైంది. మా కూకట్‌పల్లి జిమ్‌లో 70 కిలోల స్నేహితుడొకడు బరువు తగ్గుతున్నాడు. సెట్ అవగానే షేకర్ ఊపేవాళ్లను చూసి వాడికి ఒకటే కంగారు. వాడి తిండి చూస్తే పొద్దున మూడు ఇడ్లీ, సాంబారుతో 10 గ్రాముల ప్రొటీన్, మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగుతో 18, రాత్రి 200 గ్రాముల చికెన్, చపాతీతో 50. మొత్తం 78. కిలోకు 1.6 గ్రాముల చొప్పున కావాల్సింది 112. అసలు లోటు అక్కడుంది. పొద్దున మూడు గుడ్లు, మధ్యాహ్నం 30 గ్రాముల మీల్ మేకర్ చేర్చి, కేలరీలు పెరగకుండా ఒక ఇడ్లీ, కాస్త అన్నం తగ్గిస్తే ఇంచుమించు 110 అవుతుంది. ప్రతి పూటకూ 25 గ్రాములు దాటుతుంది కూడా. రాత్రి ఒక్కపూటే దట్టించడం కంటే ఇలా పంచుకోవడం మేలే, కానీ దాని ప్రభావం మొత్తం ప్రొటీన్ కంటే చిన్నది. రాత్రి త్వరగా తిని తెల్లవారి పరగడుపున బరువులెత్తేవాళ్లు మాత్రం, వర్కౌట్ అయ్యాక గంటా రెండు గంటల్లో టిఫిన్ చేయాలి, మధ్యాహ్నం దాకా ఆగకూడదు. స్క్వాట్, బెంచ్‌లో ఎత్తే బరువు వరుసగా కొన్ని వారాలు పడిపోతుంటే షేక్ టైమ్ కాదు, మొత్తం ప్రొటీన్, నిద్ర, బరువు తగ్గుతున్న వేగం చూసుకోండి.