బారసాల రోజే గడువు తీరిన డొమైన్

మా మావయ్యకు తెనాలిలో షామియానాల షాపు ఉంది. ఎదురు షాపువాడికి వెబ్‌సైట్ ఉందని తెలిసినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. మార్చి 3న 799 రూపాయలు కట్టి, ఆయన పేరు మీద ఒక డాట్ కామ్ డొమైన్ కొన్నాను. కొనేటప్పుడు "మీ వివరాలు బయటికి కనపడకుండా దాచమంటారా?" అని ఒక గడి వచ్చింది. షాపు బోర్డు మీద రెండడుగుల ఎత్తున రాయించుకున్న ఫోన్ నంబరును ఎవరైనా దాచుకుంటారా అనుకుని వదిలేశాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికే ఫోన్లు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఆరు. "ఒరేయ్, సైటు ఎక్కిందిరా!" అని మావయ్య సంబరపడిపోయాడు. నేనింకా సైటు తయారు చెయ్యడం మొదలే పెట్టలేదు. కొత్తగా నమోదైన డొమైన్ల జాబితాలు ఏ రోజుకారోజు అమ్ముడవుతాయని, ఈ ఫోన్లు ఆ జాబితాలు కొన్నవాళ్లవని చెబితే ఆయన ముఖం వాడిపోయింది.

ఏడో ఫోన్ నేనెత్తాను. "సార్, మీ హోస్టింగ్ యాక్టివేట్ కాలేదు. సాయంత్రంలోపు తీసుకోకపోతే డొమైన్ బ్లాక్ అయిపోతుంది. మూడేళ్లకి 11,999, ఈ ఆఫర్ ఈ ఒక్క రోజే."

డొమైన్ అంటే బోర్డు మీది పేరు, హోస్టింగ్ అంటే కొట్టు గది. గది అద్దెకు తీసుకోలేదని పేరు ఎవరూ లాక్కోరు. కట్టిన ఏడాదీ అది మనదే. ఆ మాటే అంటే, తాము మేం కొన్న కంపెనీ నుంచే మాట్లాడుతున్నామన్నాడు. కంపెనీ పేరు చెప్పాడు, కొన్న తేదీ చెప్పాడు. మావయ్య అప్పటికే పర్సు తీస్తున్నాడు. కానీ ఆ రెండూ డొమైన్ల వివరాలు చూపించే lookup.icann.org లో ఎవరు వెతికినా కనిపిస్తాయి. కనిపించనిది ఒకటుంది.

"మా ఇన్‌వాయిస్ నంబరు చెప్పండి."

"సార్, లైను సరిగా లేదు సార్," అని పెట్టేశాడు. లైను మాత్రం శుభ్రంగా ఉంది.

పదకొండో రోజున, మనుషులకైతే బారసాల చేసే రోజున, మా డొమైన్‌కు చావు కబురు వచ్చింది. మెయిల్లో ఎర్ర అక్షరాలతో FINAL NOTICE, కింద మా డొమైన్ పేరు, గడువు ఈ రాత్రికే, 86 డాలర్లు. మావయ్యకు చెమటలు పట్టాయి. నేను కళ్లద్దాలు పెట్టుకుని, కంటి డాక్టరు బోర్డులో ఆఖరి వరసంత సైజులో ఉన్న అక్షరాలు చదివాను. This is not a bill అని ఉంది. సెర్చ్ ఇంజిన్లలో మన పేరు చేర్పించే "సేవ" కొనుక్కోమని ఆహ్వానమట. గడువు తీరేది డొమైన్‌కు కాదు, వాళ్ల ఆఫర్‌కు. అదే lookup సైట్లో చూస్తే Registry Expiration దగ్గర వచ్చే ఏడాది మార్చి 3 అని ఉంది. మావయ్య నా వీపు తట్టి, కాఫీ తెప్పించాడు.

ఆ కాఫీయే కొంప ముంచింది. అప్పటినుంచి "డొమైన్", "అర్జెంట్", "లింక్ నొక్కండి" అనే మాటలు కనిపించిన ప్రతి మెయిల్‌నూ పేలు కుక్కినట్టు కుక్కి పారేశాను. ఈలోగా సైటు తయారుచేసి ఎక్కించాను కూడా.

పదహారో రోజు సైటు మాయమైంది. షాపు మెయిల్ కూడా ఆగిపోయింది. lookup లో చూస్తే Status దగ్గర clientHold అని ఉంది, అంటే మా రిజిస్ట్రారే, అదే మాకు డొమైన్ అమ్మిన కంపెనీయే, ఆపేసింది. వాళ్ల వెబ్‌సైట్ అడ్రసు నేనే టైపు చేసి, లాగిన్ అయి చూస్తే విషయం బయటపడింది: మీ మెయిల్ అడ్రసు నిర్ధారించలేదు. కొత్త డొమైన్ కొన్నాక 15 రోజుల్లోపు ఆ పని చెయ్యకపోతే ఆపెయ్యొచ్చని డొమైన్లకు రూల్సు పెట్టే ఐకాన్ నియమం. దానికోసం వాళ్లు పంపిన మెయిల్‌లో డొమైన్ అనే మాట ఉంది, అర్జెంట్ ఉంది, లింకూ ఉంది. డబ్బు మాత్రం ఒక్క పైసా అడగలేదు, అది నేను చూసుకోలేదు. చెత్తబుట్టలో మొదటి మెయిల్ మార్చి 3 నాటిది, నేను 799 కట్టిన అరగంటకు వచ్చింది.

లాగిన్ అయిన చోటే మళ్లీ పంపించుకుని నొక్కాను. రెండు గంటల్లో సైటు లేచింది. ఆ రెండు గంటలూ మావయ్య నాతో మాట్లాడలేదు. ఎదురు షాపు సైటు తెరిచి, నాకు కనపడేలా పెట్టుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు ఫోన్లు ఆయనే ఎత్తుతున్నాడు. నిన్న ఒక కుర్రాడు మూడేళ్ల ప్యాకేజీ గురించి పది నిమిషాలు చెప్పాడు. మావయ్య ఓపిగ్గా విని, "సరే నాయనా, మరి మీ ఇంట్లో పెళ్లికెదిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. అక్క ఉందట. మే నెలలోనేనట. అడ్వాన్సు ఎంత తీసుకోవాలా అని ఇంకా బేరం నడుస్తోంది.