0.16 మార్కుల దాంపత్యం

పెళ్లి సంబంధాలు చూసే పెద్దలందరికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, మీ పని అయిపోయింది. 2013లో పీఎన్ఏఎస్ అనే పేరున్న అమెరికా సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం అచ్చయింది. 2005కీ 2012కీ మధ్య పెళ్లి చేసుకున్న 19,131 మంది అమెరికన్లని సర్వే చేశారు. ఆన్‌లైన్‌లో పరిచయమై పెళ్లి చేసుకున్నవాళ్లు, ఆఫీసులోనో కాలేజీలోనో స్నేహితుల ఇంట్లోనో కలిసి పెళ్లి చేసుకున్నవాళ్ల కంటే ఎక్కువ సంతోషంగా ఉన్నారని, విడిపోవడం కూడా వీళ్లలో తక్కువని తేలింది. తేడా ఏమీ లేకపోయినా కాకతాళీయంగా ఇలా కనపడే అవకాశం, అంటే పి వాల్యూ, 0.001 కన్నా తక్కువ. ఇంకేం కావాలి? చర్చ ముగిసింది, అందరూ ఇళ్లకి వెళ్లి ఫోన్లు తీయండి.

పి వాల్యూ అంటే నాకు ఎనలేని గౌరవం, అందుకే ఇక్కడినుంచి పి గారు అనే అంటాను. ఆయన 0.05 కిందకి దిగితే పేపర్ అచ్చవుతుంది, 0.01 కిందకి దిగితే ప్రెస్ నోట్ వస్తుంది, 0.001 కిందకి దిగితే టీవీలో యాంకర్ కనుబొమలు పైకి లేస్తాయి. ఇంత చిన్న పి వచ్చిందంటే తేడా ఎంత పెద్దదై ఉండాలి అని ఎవరికైనా అనిపిస్తుంది కదా. నాకూ అలాగే అనిపించాలని రూలు, ఎందుకంటే ఈ కాలమ్ పి గారి తరఫున రాస్తున్నాను.

కానీ మా పిన్ని ఉంది. ఆవిడకి స్టాటిస్టిక్స్ రావు, బేరమాడటం వచ్చు.

"అయితే ఎంతరా తేడా?" అంది.

"సంతోషానికి బయట కలిసినవాళ్లు వేసుకున్న మార్కుల సగటు 5.48, ఆన్‌లైన్‌లో కలిసినవాళ్ల సగటు 5.64."

"ఎన్నిటికి?"

"ఏడుకి పిన్నీ."

"అంటే పదహారు పైసలు. ఏడు రూపాయల్లో పదహారు పైసలకి ఇంత హడావిడా?"

పిన్ని మీద కేసు వేద్దామనుకున్నాను గానీ ఆ పదహారు పైసలు నిజంగానే ఆ పేపర్లో ఉన్నవే. అధ్యయనం చేసినవాళ్లు దాచలేదు, అంకెలు బాహాటంగానే ఇచ్చారు. మనమే పి గారి దగ్గర ఆగిపోయి ముందుకి వెళ్లలేదు.

సరే, పదహారు పైసలంటే మనుషుల్లో ఎంతో చూద్దాం. దానికి ఒక అంకె కావాలి, ఒక్కొక్కరి మార్కులు సగటు చుట్టూ ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పేది, దాన్నే స్టాండర్డ్ డీవియేషన్ అంటారు. లెక్క కోసం 1.2 అనుకుందాం, ఇది నేను పెట్టుకున్న అంకె, అధ్యయనంలోది కాదు, ఏడు మార్కుల స్కేలుకి ఇలాంటిది మామూలే. 0.16ని 1.2తో భాగిస్తే 0.13 వస్తుంది. ఇప్పుడు ఆన్‌లైన్ వాళ్లలోంచి ఒకరిని, బయటివాళ్లలోంచి ఒకరిని కళ్లు మూసుకుని లాగి పక్కపక్కన నిలబెట్టండి. ఆన్‌లైన్ మనిషే ఎక్కువ సంతోషంగా ఉండే అవకాశం నూటికి 54. రెండో మనిషిదే పైచేయి అయ్యే అవకాశం నూటికి 46. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా 50 వస్తుంది. అంటే ఆ 19,131 మంది శ్రమ, ఆ లెక్కలు, ఆ హెడ్‌లైన్లు అన్నీ కలిసి నాణెం మీద నాలుగు మార్కుల ఆధిక్యం సంపాదించాయి. పెళ్లికొడుకుని ఈ ప్రాతిపదిక మీద ఎంచుకోవచ్చో లేదో పెద్దలు ఆలోచించాలి.

మరి ఇంత చిన్న తేడాకి పి గారు అంత కిందకి ఎలా దిగారు? ఇక్కడే ఆయన గుణగణాలు తెలుసుకోవాలి. పి గారిని అడిగే ప్రశ్న ఒక్కటే: నిజానికి ఈ రెండు గుంపుల మధ్య తేడా ఏమీ లేదనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ కేవలం కాకతాళీయంగా కనపడే అవకాశం ఎంత? ఆ ప్రశ్నకి ఆయన జవాబు చెప్తాడు, అంతటితో ఆయన డ్యూటీ అయిపోతుంది. తేడా ఎంతుంది, దానివల్ల ఎవరికైనా ఒరిగేదేమైనా ఉందా అన్నది ఆయన శాఖ కాదు. అయినా మనం ఆయన్నే అడుగుతాం, ఆయన వేరే ప్రశ్నకి చెప్పిన జవాబునే దీనికి జవాబుగా రాసుకుంటాం.

అదే 0.16 తేడా, అదే 1.2, గుంపుల సైజు మాత్రం మార్చి చూడండి. రెండు వైపులా 50 మంది చొప్పున ఉంటే p దాదాపు 0.5, ఎవరూ పట్టించుకోరు, పేపర్ సొరుగులో పడి ఉంటుంది. 500 మంది చొప్పున ఉంటే 0.035, ఒక చిన్న పార్టీ చేసుకోవచ్చు. 9,500 మంది చొప్పున (నిజం సర్వేలో గుంపులు సమానం కాదు, ఆన్‌లైన్ వాళ్లు మూడో వంతు పైచిలుకే, లెక్క సులువవుతుందని సగం సగం చేశాను) ఉంటే దశాంశ బిందువు తర్వాత పందొమ్మిది సున్నాలు పెట్టి అప్పుడు ఒక 4 రాయాలి. ఈ మూడు సందర్భాల్లోనూ దాంపత్యాల్లో సంతోషం వీసమెత్తు మారలేదు. మారింది జనాభా. నగల షాపులో కాటా మిల్లీగ్రాము తేడాని కూడా పట్టేస్తుంది, అలా పట్టేసినందుకు ఆ మిల్లీగ్రాముని కాసు బంగారం ధరకి ఎవరూ కొనరు, కానీ పేపర్ల హెడ్‌లైన్లలో మాత్రం అదే రేటుకి రోజూ అమ్ముడవుతోంది.

ఇంతకన్నా విచిత్రం ఇంకోటుంది, చాలామంది గమనించనిది. ఆ సగటు తేడా అసలు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండొచ్చు అని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ వేసి చూడండి. 50 మంది చొప్పున ఉన్నప్పుడు అది మైనస్ 0.31 నుంచి 0.63 దాకా పోతుంది, అంటే ఆన్‌లైన్ పెళ్లి కొంచెం నష్టం కావచ్చు, అరమార్కు పైన లాభమూ కావచ్చు, ఏమీ చెప్పలేం, ఆశకి చోటుంది. 9,500 మంది చొప్పున వచ్చేసరికి 0.13 నుంచి 0.19 మధ్యకి కుదించుకుపోతుంది. అంటే పి గారు అన్ని సున్నాలు వేసుకుని వచ్చి గట్టిగా తేల్చింది రెండు సంగతులు: తేడా సున్నా కాదు, తేడా 0.2 కూడా కాదు. అంత చిన్న పి, అంత పెద్ద శాంపిల్‌తో కలిసి వస్తే, అది తేడా చిన్నదని చెప్పే బలమైన సాక్ష్యం. మనం మాత్రం దాన్ని తేడా పెద్దదనడానికి సాక్షిగా బోనెక్కించాం. సాక్షి నోరు తెరవకముందే చప్పట్లు కొట్టాం కాబట్టి ఏం చెప్పాడో వినపడలేదు.

ఇక విడిపోవడాల సంగతి. సర్వే నాటికి విడాకులు తీసుకున్నవాళ్లు, విడిగా ఉంటున్నవాళ్లు కలిపి ఆన్‌లైన్ గుంపులో 5.96 శాతం, రెండో గుంపులో 7.67 శాతం. దీన్ని మీరు ఏ పార్టీలో ఉన్నారో దాన్నిబట్టి చెప్పుకోవచ్చు. "విడిపోవడం 22 శాతం తగ్గింది" అనొచ్చు, అబద్ధం కాదు. "వెయ్యి మందిలో 77 మంది విడిపోయే చోట 60 మంది విడిపోయారు" అనొచ్చు, అదీ అబద్ధం కాదు. మొదటిది సైటు వాళ్ల ప్రకటనలో బాగుంటుంది, రెండోది మా పిన్నికి అర్థమవుతుంది.

అయితే ఇక్కడ పిన్నిని కూడా కొంచెం ఆపాలి, ఆవిడ వెయ్యికి పదిహేడే కదా అని తీసిపారేస్తుంది. అమెరికాలో ఏడాదికి సుమారు 20 లక్షల పెళ్లిళ్లు జరుగుతాయి. అందులో మూడో వంతు ఆన్‌లైన్‌వి అనుకుని, ఆ వెయ్యికి పదిహేడు తేడా నిజంగా ఆన్‌లైన్ వల్లే వచ్చిందని కూడా అనుకుంటే, ఒక్కో ఏడాది పెళ్లిళ్లలో పదకొండు వేలకు పైగా జంటలు విడిపోకుండా మిగులుతాయి. ఖర్చేమీ లేకుండా అంతమంది కాపురాలు నిలబడితే అది చిన్న విషయం కాదు. కాబట్టి చిన్న తేడా అన్న ప్రతిదీ పనికిమాలినదనీ కాదు. ఎంతమందికి, ఎంత ఖర్చుతో, తప్పయితే నష్టమెంత అని కూర్చుని లెక్క వేసుకోవాలి. పి గారు ఆ మీటింగుకి రారు, ఆయన్ని పిలవకూడదు కూడా.

పైగా "ఆన్‌లైన్ వల్లే" అన్నదాన్ని ఈ సర్వే తేల్చలేదు. ఎవరినీ చీటీ తీసి నువ్వు ఆన్‌లైన్, నువ్వు ఆఫీసు అని పంపలేదు, ఎవరి దారి వాళ్లే ఎంచుకున్నారు. ఆన్‌లైన్‌లో కలిసినవాళ్లలో ఉద్యోగాలున్నవాళ్లు, ఆదాయం బాగున్నవాళ్లు ఎక్కువ. అలాంటి తేడాలని లెక్కల్లో సర్దే ప్రయత్నం చేశారు గానీ, అడగనిదాన్ని సర్దలేరు కదా. ఇంకో చిన్న కబురు, ఈ సర్వేకి డబ్బు పెట్టింది ఈహార్మనీ అనే డేటింగ్ సైటు, ముఖ్య రచయిత అప్పట్లో ఆ సైటుకి శాస్త్ర సలహాదారు. ఈ సంగతి వాళ్లే పేపర్లో రాశారు, బయటి స్టాటిస్టీషియన్ల చేత లెక్కలు చూపించారు, కాబట్టి మోసమని నేననను. మోసం చెయ్యాల్సిన అవసరం కూడా లేదు. 19,131 మందిని పోగేసుకున్నాక చాలా చిన్న తేడా అయినా పి గారిని 0.05 కిందకి దించి సిగ్నిఫికెంట్ అనిపించుకుంటుంది, మిగతాది హెడ్‌లైన్ రాసేవాళ్లు చూసుకుంటారు.

2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ఒక ప్రకటన చేసి, పి వాల్యూ తేడా ఎంత పెద్దదో గానీ ఎంత ముఖ్యమైనదో గానీ కొలవదని స్పష్టంగా చెప్పింది. దీన్ని నేను పి గారి మీద జరిగిన కుట్రగా భావిస్తున్నాను. 1925లో బ్రిటిష్ స్టాటిస్టీషియన్ రొనాల్డ్ ఫిషర్ తన పుస్తకంలో 0.05 అనేదాన్ని గీతగా పెట్టుకుంటే వీలుగా ఉంటుందని రాశాడు, వీలుగా అన్నాడు, అంతే. దాని మీద మనం ఇంత పెద్ద గుడి కట్టుకున్నాక ఇప్పుడొచ్చి మూలవిరాట్టు సైజు కొలవండి అంటే భక్తుల మనోభావాలు ఏం కావాలి?

అయినా ప్రజాభిప్రాయాన్ని గౌరవించి ఒక్క సవరణకి ఒప్పుకుంటున్నాను. ఇకపై సర్వే మొదలుపెట్టకముందే, ఏడు మార్కుల్లో ఎంత తేడా వస్తే మీరు పెళ్లి సంబంధం వెతికే పద్ధతి మార్చుకుంటారు అని నలుగురిని అడిగి కాగితం మీద రాసి పెట్టాలి. అర మార్కు అన్నారనుకోండి, తర్వాత వచ్చిన ఇంటర్వల్ 0.13 నుంచి 0.19 అయితే, పి గారు ఎన్ని సున్నాలు తెచ్చినా సరే, పాత పద్ధతే మిగులుతుంది. పిన్నిని ఆ నలుగురిలో పెట్టకండి, ఆవిడ మూడు మార్కులు అడుగుతుంది.

ఈలోపు నా సొంత పరిశోధనకి స్పాన్సర్లు కావాలి. శుభలేఖ అంచులకి పసుపు రాసిన పెళ్లిళ్లలో సంతోషం, రాయని పెళ్లిళ్ల కంటే ఏడుకి 0.01 ఎక్కువని నా నమ్మకం. లెక్క వేశాను, రెండు వైపులా రెండున్నర లక్షల మంది చొప్పున దొరికితే, నా నమ్మకం నిజమైన పక్షంలో అయిదింట నాలుగు సార్లు p < 0.05 వచ్చేస్తుంది. పసుపు కంపెనీల వాళ్లు సంప్రదించగలరు, హెడ్‌లైన్ ఇప్పటికే రాసి పెట్టాను.