నాలుగు ఫొటోలు కాదు, ఒక్క ఫొటోకి నాలుగు రంగులు

“ఆన్‌లైన్‌లో పట్టుచీర కొంటున్నారా? ఒకే చీరకి నలుగురు పెట్టిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువ ఫొటోల్లో కనిపించేదే అసలు రంగు. జూమ్ చేస్తే జరీ బంగారంలా తళతళలాడితే ప్యూర్ జరీ. నేతలో ఎక్కడా తేడా లేకపోతే మంచి మగ్గం చీర. సిల్క్ మార్క్ ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. వెనకవైపు ఫొటో కూడా అడగండి. మీ అక్కచెల్లెళ్లందరికీ పంపండి!”

ఈ వారంలో ఈ మెసేజ్ నాకు ఏడోసారి వచ్చింది. ఈసారి పంపింది మా వదిన. శ్రావణంలో కూతురి పెళ్లికి కంచిపట్టు వెతుకుతోంది, ఈ సలహా నమ్మి డబ్బు కట్టబోయింది. అందుకే రాస్తున్నాను.

ముందు రంగు సంగతి. వదిన నాకు నాలుగు స్క్రీన్‌షాట్లు పంపింది. మూడింట్లో చీర కుంకుమ ఎరుపు, ఒకదాంట్లో వంకాయ రంగుకి దగ్గర. మెసేజ్ లెక్క ప్రకారం ఎరుపు గెలిచింది. నేను రంగు వదిలేసి మడతలు చూశాను. నాలుగింట్లోనూ పైట మూడో మడత ఒకే చోట నలిగి ఉంది. కుచ్చుల దగ్గర ఒక దారం బయటికి వేలాడుతోంది, అదీ నాలుగింట్లోనూ ఉంది. అంటే అది ఒక్కసారి తీసిన ఒక్క ఫొటో. దాన్ని నలుగురు తెచ్చుకుని ఎవరికి నచ్చిన ఫిల్టర్ వాళ్లు వేశారు. ఒకే సాక్షి నాలుగుసార్లు చెప్తే నలుగురు సాక్షులవుతారా?

వదిన చేత నలుగురికీ ఒకటే అడిగించాను: చీర మీద 100 రూపాయల నోటు పెట్టి, పగటిపూట కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయండి, దాన్ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి అని. మామూలుగా పంపితే ఫొటో నలిగిపోయి, సన్నని రంగు తేడాలు ముందుగా పోతాయి. ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఒకరు “స్టాక్ వేరే చోట ఉంది” అన్నారు. చీర నిజంగా ఉన్నది నాలుగో ఆవిడ దగ్గరే. ఆవిడ పంపిన ఫొటో తెరిచి, మన దగ్గరున్న 100 నోటు ఫోన్ పక్కన పెట్టి చూశాం. చేతిలోది లేత ఊదా, ఫొటోలోది పసుపు తిరిగి మట్టి రంగులో ఉంది. గదిలో పసుపు లైటు వేసి ఉంటుంది. నోటు ఎంత పసుపు తిరిగిందో చీరా దాదాపు అంతే తిరిగి ఉండాలి కదా. లైటు ఆర్పి మళ్లీ తీయమన్నాం. ఈసారి నోటు నోటులా వచ్చింది, చీర వంకాయ రంగులో వచ్చింది. మెజారిటీ చెప్పిన ఎరుపు ఎక్కడా లేదు.

నోటుతో అన్నీ తేలవు. ముదురు రాణీ రంగు, నెమలి కంఠం లాంటివి ఫోన్ కెమెరాకీ తెరకీ పూర్తిగా అందవు, కొంచెం తేడా ఉండి తీరుతుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు అయిన డబుల్ షేడ్ చీరకైతే ఏ ఒక్క ఫొటో చాలదు. మడత పట్టుకుని అటూ ఇటూ తిప్పే చిన్న వీడియో అడగాలి. మీ ఫోన్‌లో కళ్ల కోసం పెట్టుకున్న పసుపు మోడ్ తీసేసి చూడండి.

నేతలో తేడా లేకపోవడం మగ్గానికి గుర్తు కానే కాదు, మరమగ్గం మీద ఇంకా సమంగా వస్తుంది. కంచిపట్టులో ఫొటోకి అందే గుర్తు ఒకటుంది, అది అంచు రంగు. కోర్వై చీరలో ఒంటికి ఒక పేక, అంచులకి వేరే పేక. రెండూ కలిసే గీత దగ్గర ఒకదానితో ఒకటి మెలేసి వెనక్కి తిప్పుతారు. మన గద్వాల కుట్టు అంచు పని కూడా ఇలాంటిదే. అందుకే పచ్చ అంచు అచ్చమైన పచ్చగా ఉంటుంది. ఒకే పేకతో ఈ కొస నుంచి ఆ కొసకి నేసేస్తే ఒంటి రంగు అంచులోకి చొరబడి పచ్చ మసకబారుతుంది. ఒళ్లూ అంచూ కలిసే చోట జూమ్ చేసి చూడండి, అంచులో ఒంటి రంగు చుక్కలు కనిపిస్తే అది కోర్వై కాదు.

ఇక జరీ. మెసేజ్ మొత్తంలో నాకు ఒళ్లు మండించిన మాట ఇదే, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. కొత్తగా ఉన్నప్పుడు జరీలన్నీ మెరుస్తాయి. ప్యూర్ జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి, పైన బంగారం పూత పూసింది. ఆ బంగారం బరువులో ఒక శాతం కూడా ఉండదు. టెస్టెడ్ జరీలో వెండి బదులు రాగి తీగ ఉంటుంది. ఇక మూడోది ప్లాస్టిక్ పొర. కెమెరాకి కనిపించేది పై పూత ఒక్కటే, లోపల వెండి ఉందా రాగి ఉందా అన్నది ఎంత జూమ్ చేసినా దొరకదు. పైగా రింగ్ లైటు కింద అన్నిటికన్నా అద్దంలా తళుక్కుమనేది ప్లాస్టిక్ జరీ. తళతళే కొలత అనుకుంటే మీరు ఏరుకునేది దాన్నే. ఇలాంటి అబద్ధాన్ని ఆలోచించకుండా పది గ్రూపుల్లో ఎలా వేస్తారు?

మా పిన్ని మోసపోయింది ఇలాగే. ఫొటోలో జరీ వెలిగిపోతోందని, ప్యూర్ అని నమ్మి, వెండి జరీ ధర పెట్టి కొంది. రెండేళ్లకి మడతల దగ్గర జరీ నల్లబడింది. పైట కొసన ఊడిన ఒక్క జరీ పోగు తీసి గోటితో విప్పాం. లోపల ఎర్రటి దారం వచ్చింది, పిన్ని సంతోషించింది, కంచి జరీలో ఎర్ర పట్టుదారం ఉంటుందని విని ఉంది కనుక. కానీ ఆ ఎరుపు రంగు ఏ దారానికైనా అద్దొచ్చు. దారం ఒక్కటీ వేరు చేసి మంటకి చూపించాం. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోవాలి. ఇది కరిగి గట్టి పూసయింది. విప్పిన తీగని గీస్తే రాగి ఎరుపు బయటపడింది. బిల్లు మీద చూస్తే “జరీ” అని ఒక్క మాటే ఉంది. ఏ జరీ అని రాయలేదు, అందుకని పిన్ని ఏమీ అడగలేకపోయింది.

కాబట్టి జరీకి ఫొటో అడగకండి, మాట రాయించుకోండి. “ప్యూర్ జరీ, వెండి ఇంత శాతం” అని బిల్లు మీద ఉండాలి. పెద్ద మొత్తమైతే ఏ లోహం ఎంత ఉందో చూపే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో జరీ పరీక్ష చేసిన కాగితం, తేడా వస్తే వెనక్కి తీసుకుంటామన్న హామీ అడగండి. రాయనంటే ఆ చీరకి టెస్టెడ్ జరీ ధరే ఇవ్వండి. టెస్టెడ్ జరీ తప్పేమీ కాదు. నా చీరల్లో సగానికి పైగా అవే, తేలిగ్గా ఉంటాయని ఇష్టంగా కొనుక్కున్నాను. రాగికి వెండి ధర కట్టించుకోవడమే మోసం.

సిల్క్ మార్క్ పట్టుకి మాత్రమే. జరీ గురించి, మగ్గం గురించి అది ఏమీ చెప్పదు.

వెనకవైపు ఫొటో అడగమన్న మాట మాత్రం నిజం. ఇంత కోపంలోనూ ఒప్పుకుంటున్నాను, నేనే ఇన్నాళ్లూ దాన్ని పట్టించుకోలేదు. వదిన చీర వెనక ఫొటో వచ్చాక చూస్తే, బుటాల మధ్య జరీ పోగులు పొడుగ్గా వేలాడుతున్నాయి, గాజులకి తగులుకుని తెగే రకం. ముందువైపు ఎన్ని ఫొటోలు చూసినా అది తెలిసేది కాదు. జరీ టెస్టెడ్ అని చీర అమ్మే ఆ నాలుగో ఆవిడే బిల్లు మీద రాసిస్తానంది, వెనక నెట్ వేయించి పంపుతానంది. వదిన చీర తీసుకుంది, వంకాయ రంగుదే.